పిల్లల మణికట్టులో బకిల్ ఫ్రాక్చర్: చిన్న కట్టు ఎప్పుడు సరిపోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాల్లో తరచూ జరిగేదే ఇది. పిల్లవాడు పడతాడు, మణికట్టు వాస్తుంది, దగ్గరలోని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయిస్తారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టరు ఒడియాలో చెబుతారు. ఇంటికొచ్చేసరికి అందులో "ఎముక విరిగింది" అన్న ముక్క తప్ప మరేమీ మిగలదు. చిన్న కట్టు వేసి పంపేశారంటే సరిగా చూడలేదేమోనని అనుమానం పుట్టి, మర్నాడు పొద్దున్నే శ్రీకాకుళమో విశాఖపట్నమో బస్సెక్కుతారు. ఎముకల డాక్టరుగా ఈ సరిహద్దు ఊళ్ల వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

"బకిల్ ఫ్రాక్చర్" అని రాశారు. కొన్ని రిపోర్టుల్లో "టోరస్ ఫ్రాక్చర్" అని ఉంది. ఎముక విరిగినట్టేనా?

రెండూ ఒకటే. ఫ్రాక్చరే, కానీ ఎముక రెండు ముక్కలు కాలేదు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపున్నది రేడియస్, చిటికెనవేలి వైపున్నది అల్నా. పిల్లలు పడేటప్పుడు అరచేయి ముందుకు చాచి నేలకు ఆనిస్తారు. ఒంటి బరువంతా మణికట్టు మీదుగా రేడియస్‌లోకి పోతుంది. మణికట్టుకు కాస్త పైన ఆ ఎముక ఇంకా కొత్తగా తయారవుతూ ఉంటుంది కాబట్టి లోపల మెత్తగా, పైపెంకు పల్చగా ఉంటుంది. రెండు చివరల నుంచి నొక్కిన కాగితం గొట్టం చినగకుండా ఒకచోట ఉబ్బుతుంది చూడండి, ఈ ఎముక పెంకు కూడా అలాగే లోపలికి నలిగి పక్కకు ఉబ్బుతుంది. పెద్దవాళ్ల ఎముక గట్టిది, నలగదు, విరుగుతుంది. అందుకే ఇది పిల్లల్లోనే కనిపిస్తుంది.

పిల్లల ఎముకకు పైన దళసరి పొర ఒకటి ఉంటుంది. బకిల్ ఫ్రాక్చర్‌లో ఆ పొర చెక్కుచెదరదు. ఎముకను ఉన్నచోటే పట్టి ఉంచేది అదే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కింది జవాబులన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఎక్స్‌రేలో ఏం చూసి బకిల్ అని తేలుస్తారు? నాకైతే ఫిల్ములో పగులే కనిపించలేదు.

కనిపించదు, ఎందుకంటే పగులు లేదు. ఒక పాప విషయం చెబుతాను. ఎనిమిదేళ్లు, 20 కిలోల బరువు, కాశీనగరం దగ్గర పల్లె. సైకిలు మీంచి కుడి చేతి మీద పడింది. ఆ రాత్రి పసుపు పట్టు వేశారు. మర్నాడు కూడా పెన్సిలు పట్టుకోలేకపోవడంతో తీసుకొచ్చారు. మణికట్టు మీద వాపు కొద్దిగానే ఉంది, వంకర లేదు. వేళ్లన్నీ ఆడుతున్నాయి. మణికట్టు ముడతకు రెండు వేళ్ల వెడల్పు పైన, చేతి వెనక వైపు నొక్కితే చేయి లాక్కుంటోంది. మోచేయి నొక్కితే నొప్పి లేదు. మోచేయిని ఎందుకు నొక్కుతున్నారని వాళ్ల నాన్న అడిగాడు. అరచేతి మీద పడ్డ బిడ్డకు మోచేతి దగ్గర కూడా దెబ్బ తగిలి ఉండవచ్చు. మణికట్టు నొప్పి దాన్ని కప్పేస్తుంది.

ఎక్స్‌రేలు రెండు తీస్తారు. ఒకటి చేయి బోర్లా పెట్టి, ఇంకొకటి చేతిని పక్కకు తిప్పి. బోర్లా పెట్టి తీసిన ఫిల్ములో ఆ పాప ఎముక దాదాపు మామూలుగానే ఉంది. పక్కకు తిప్పిన ఫిల్ములో ఎముక వెనక అంచును వేలితో పైనుంచి కిందికి తడుముతూ పోతే, ఎదుగుదల పొరకు సుమారు రెండు సెంటీమీటర్ల పైన నున్నటి గీత ఒక్కసారి చిన్న గుబ్బలా పైకి లేచి మళ్లీ సర్దుకుంది. ఎదురుగా అరచేతి వైపు అంచు మాత్రం తిన్నగా, ఎక్కడా తెగకుండా ఉంది. బకిల్ అంటే అంతే. చాలాసార్లు అది పక్క ఫిల్ములో మాత్రమే దొరుకుతుంది. కాబట్టి "ఒక్క ఫిల్ము చాలు, ఖర్చు తగ్గుతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇంకో మాట. ఎముక చివర అడ్డంగా ఒక నల్ల గీత కనిపించి తల్లిదండ్రులు అదే పగులనుకుంటారు. అది ఎదుగుదల పొర. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పిల్లలందరికీ ఉంటుంది.

ఎక్స్‌రేను ఫోనులో ఫోటో తీసి పంపితే చూసి చెబుతారా?

చెప్పడానికి ప్రయత్నిస్తాను, కానీ నాకు వచ్చే ఫోటోల్లో సగానికి పక్క ఫిల్ము ఉండదు. లేదా ట్యూబులైటు వెలుగు ఫిల్ము మీద పడి ఎముక అంచే కనపడదు. గుబ్బ మిల్లీమీటరో రెండో ఎత్తు ఉంటుంది. తప్పనిసరైతే కిటికీ వెలుతురుకు ఎదురుగా ఫిల్మును పట్టి, రెండు ఫిల్ములూ విడివిడిగా, మణికట్టు నుంచి ముంజేయి మధ్య వరకు వచ్చేలా తీయండి. పిల్లవాడి చేతి ఫోటో కూడా ఒకటి పంపండి. వంకర ఉందో లేదో దాంతో తెలుస్తుంది.

బకిల్ అనిపించి, అది కాకుండా పోయేవి ఏవి?

అసలు జాగ్రత్తంతా ఇక్కడే. వైద్యం చిన్నది, గుర్తుపట్టడమే పెద్దది.

మొదటిది గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్. ఇందులో ఎముక ఒకవైపు వంగి, ఎదురు వైపు పెంకు తెగుతుంది. తెగిన చోట పట్టు పోతుంది కాబట్టి మొదటి రెండు వారాల్లో ఎముక ఇంకా వంగవచ్చు. దీనికి సరిగ్గా మలిచిన పూర్తి కట్టు, వారం తర్వాత మళ్లీ ఎక్స్‌రే కావాలి. అందుకే ఫిల్ములో గుబ్బ కనపడగానే చూపు అక్కడ ఆపకూడదు, ఎదుటి అంచు తిన్నగా ఉందో లేదో చూడాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఎదుటి అంచు చూడకపోవడం వల్లే.

రెండోది, రెండు వైపుల పెంకూ తెగి అడ్డంగా సన్నటి గీత పడ్డ ఫ్రాక్చర్. ముక్కలు ఇంకా జరగకపోవడంతో బకిల్‌లాగే అనిపిస్తుంది. మూడోది ఎదుగుదల పొరలోనే తగిలిన దెబ్బ. నొక్కినప్పుడు నొప్పి ఎముక చిట్టచివర, ఆ నల్ల గీత మీదే ఉంటే దీన్ని అనుమానించాలి, ఫిల్ము మామూలుగా ఉన్నా సరే.

పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లల్లో బొటనవేలి మొదట్లో, వేలు చాచినప్పుడు పడే గుంటలో నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక దెబ్బ తిని ఉండవచ్చు. దాని దారి పూర్తిగా వేరు.

ఫిల్ము చూసిన డాక్టరుకు కచ్చితంగా తేలకపోతే, కట్టు వేసి వారానికి మళ్లీ రమ్మంటారు. అది తెలియనితనం కాదు, సరైన పద్ధతి.

ఎముక దెబ్బ తిన్నదంటే గట్టి సిమెంటు కట్టే వేయాలి కదా? సగం కట్టు వేసి పంపితే ఎముక జరిగిపోదా?

నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. పైన చెప్పిన పాప నాయనమ్మ కూడా, "బాబూ, పక్క వీధి కుర్రాడికి మోచేతి పైదాకా వేశారు, దీనికి సగమే వేశారేం?" అని నిలదీసింది. ఆ కుర్రాడి ఎముకలు రెండూ విరిగి జరిగిపోయాయి. వాటిని లాగి సరిచేసి, మళ్లీ జరగకుండా పట్టి ఉంచడానికి అంత పెద్ద కట్టు వేశారు. అక్కడ ఎముకను నిలబెట్టే పని కట్టుదే.

బకిల్‌లో ఆ పని ఎముకపై పొర, తెగని ఎదుటి పెంకు చేస్తున్నాయి. ఎముక ఇప్పటికే ఒకదాంట్లో ఒకటి నలిగి కుదురుకుంది. అది జరగడానికి తావు లేదు. కాబట్టి కట్టు ఉన్నా లేకపోయినా ఎముక అదే తీరులో అతుక్కుంటుంది. కట్టు ఇచ్చేది రెండే: మొదటి రోజుల్లో నొప్పి తగ్గడం, మళ్లీ పడితే కాపు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో, 4 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలు 965 మందిపై ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సగం మందికి గట్టి పట్టీ లేదా కట్టు వేశారు. మిగతా సగానికి మెత్తటి బ్యాండేజి ఇచ్చి, ఇష్టమైతే వాడండి అని ఇంటికి పంపేశారు. మూడో రోజు నొప్పి రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. ఆరు వారాల వరకు చేతి వాడకంలోనూ తేడా రాలేదు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు అంతకుముందే, 2016లో, ఈ ఫ్రాక్చర్‌కు గట్టి కట్టు వద్దని చెప్పాయి.

మరి అంత అవసరం లేకపోతే మీరెందుకు కట్టు వేస్తున్నారు?

న్యాయమైన ప్రశ్న. బజారులో దొరికే మణికట్టు పట్టీ, అంటే వెల్క్రోతో బిగించి ఎప్పుడంటే అప్పుడు తీసేది, పిల్లవాడి కొలతకు ఉంటే నేను అదే ఇస్తాను. మన వైపు మందుల షాపుల్లో ఎక్కువగా పెద్దవాళ్ల కొలతలే ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్లకు అది మోచేతి దాకా జారుతుంది. రెండోది, ఇక్కడి పిల్లలు కట్టు లేకపోతే మూడో రోజుకే జీడిమామిడి చెట్టెక్కుతారు. కట్టు ఉంటే బడిలో తోటివాళ్లు కూడా చేతిని తోయరు. మూడోది, నొప్పి మరీ ఎక్కువైతే మళ్లీ రావడానికి బస్సు దొరకని ఊళ్లు ఉన్నాయి. కాబట్టి ఇంట్లోనే విప్పుకోగల సగం కట్టు వేస్తాను. పూర్తిగా చుట్టేసే సిమెంటు కట్టు బకిల్‌కు నేను వేయను. వాపు పెరిగితే అది బిగుసుకుంటుంది, తీయడానికి రంపం కావాలి, రంపం కోసం మళ్లీ పట్నం రావాలి.

సగం కట్టు అంటే ఎలా ఉంటుంది?

దీన్ని స్లాబ్ అంటారు. ముందు చేతికి దూది పొర చుట్టి, సిమెంటు పట్టీని పిల్లల చేతికైతే ఆరు నుంచి ఎనిమిది మడతలు పెట్టి, నీళ్లలో ముంచి పిండి, ముంజేతికి ఒకవైపు మాత్రమే పరుస్తారు. పైన మామూలు బ్యాండేజి చుడతారు. మోచేతి మడతకు కొంచెం కింద మొదలై అరచేతి మధ్యలో ఆగాలి. వేళ్ల మొదళ్లు, బొటనవేలు బయట ఉండాలి. పిల్లవాడు పిడికిలి పూర్తిగా బిగించగలిగితే కొలత సరిపోయినట్టే. అంచు వేళ్ల మొదళ్లను దాటి వస్తే అప్పుడే కత్తిరించమని అడగండి.

గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అది మామూలే, కాసేపట్లో పోతుంది. పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందాకా ఆ చేతిని గట్టి అంచు మీద ఆనించకూడదు.

ఊళ్లో నాటు కట్టు వేయిస్తామంటున్నారు. వేయించవచ్చా?

వద్దు. బకిల్ ఫ్రాక్చర్‌కు ఏ కట్టు వేసినా, వేయకపోయినా మూడు వారాల్లో నొప్పి పోతుంది. అందుకే నాటు కట్టుకు మంచి పేరొస్తుంది. ఆ పేరు విని నిజంగా విరిగిన చేతిని కూడా అక్కడికే తీసుకెళతారు. వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టినప్పుడు లోపల వాపు పెరిగితే రక్తం ఆడదు. కండ చచ్చిపోయి వేళ్లు ముడుచుకుపోయిన పిల్లలను ఈ జిల్లాల్లో చాలామంది ఎముకల డాక్టర్లు చూసే ఉంటారు. తనంతట తానే మానే ఎముక కోసం అంత ప్రమాదం కొని తెచ్చుకోవడం దేనికి? కట్టేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల దగ్గర ఎక్స్‌రే లేదు, గట్టిగా కట్టడమే తమ పనితనమని నమ్ముతారు, అంతే.

కట్టు వేశాక ఏం కనిపిస్తే వెంటనే పరుగెత్తాలి?

నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతూ, మందు వేసినా బిడ్డ ఏడుస్తుంటే అనుమానించండి. వేళ్లు మీరు మెల్లగా వెనక్కి చాచినప్పుడు కేక పెట్టడం, వేళ్లు తిమ్మిరెక్కడం, తెల్లగానో నీలంగానో మారడం, చల్లబడటం ప్రమాద సూచనలు. అప్పుడు ముందు చేయాల్సిన పని బస్సెక్కడం కాదు. పైనున్న బ్యాండేజిని కత్తెరతో దూది దాకా, దూదితో సహా, నిలువునా కోసి కట్టును వదులు చేయండి. తర్వాత ఆసుపత్రికి బయలుదేరండి. ఆసుపత్రి చేరేసరికి గంటలు పట్టే ఊళ్లకు ఇది ముఖ్యం. బకిల్ ఎముక దానివల్ల ఎక్కడికీ జరగదు.

మొదటి రెండు మూడు రోజులు చేతిని గుండె ఎత్తు కంటే పైన, పడుకున్నప్పుడు దిండు మీద ఉంచితే వాపు త్వరగా దిగుతుంది.

నొప్పికి ఏం ఇవ్వాలి?

పారాసిటమాల్ చాలు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాములు. పైన చెప్పిన పాప 20 కిలోలు కాబట్టి ఒక్కో మోతాదు 300 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మి.లీ.లో 250 మి.గ్రా. అని ఉంటే 6 మి.లీ. ఇవ్వాలి. 5 మి.లీ.లో 125 మి.గ్రా. అని ఉంటే 12 మి.లీ. కావాలి. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, అందుకే ముందు ఆ అంకె చదవండి. ఆరు గంటలకు ఒకసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. చాలామంది పిల్లలకు రెండు మూడు రోజుల తర్వాత అవసరమే ఉండదు.

ఐబుప్రోఫెన్ కూడా పనిచేస్తుంది. అయితే వానాకాలంలో బిడ్డకు జ్వరం కూడా ఉంటే డెంగీ కాదని తేలేదాకా దాన్ని ముట్టుకోకండి. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు.

ఎన్నాళ్లు ఉంచాలి? తీసేముందు మళ్లీ ఎక్స్‌రే అక్కర్లేదా?

మూడు వారాలు. ఆ తర్వాత ఇంట్లోనే బ్యాండేజి విప్పి స్లాబ్ తీసేయవచ్చు. అంతకుముందే నొప్పి పూర్తిగా పోయి పిల్లవాడు కట్టు వద్దని మారాం చేస్తే, ఇంట్లో కూర్చున్నప్పుడు తీసి బడికి వెళ్లేటప్పుడు కట్టినా నష్టం లేదు.

మొదటి ఎక్స్‌రేలో బకిలేనని కచ్చితంగా తేలి ఉంటే మళ్లీ ఎక్స్‌రే వద్దు. అది చూసి వైద్యం ఏమీ మారదు. ఎముక అతుకుతున్న గుర్తుగా తెల్లటి మబ్బు లాంటి నీడ కనిపించి, చూసినవాళ్లను కొత్తగా భయపెడుతుంది. మూడు వారాలు దాటినా నొక్కితే గట్టిగా నొప్పి ఉంటే మాత్రం మళ్లీ చూపించండి. అప్పుడు మొదటి ఫిల్ములు వెంట తెండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.

తీశాక మణికట్టు కొన్ని రోజులు బిగుసుకున్నట్టు ఉంటుంది. మాలిష్ చేయించకండి. ఆటల్లో పడితే అదే తగ్గిపోతుంది. చెట్లెక్కడం, కబడ్డీ మరో రెండు మూడు వారాలు ఆపండి.

స్నానం?

చేతికి ప్లాస్టిక్ సంచి కట్టి, పైకెత్తి పట్టుకుని. సిమెంటు తడిస్తే మెత్తబడుతుంది, కింద చర్మం పాడవుతుంది. దురద పెడితే లోపలికి పుల్ల దూర్చకండి.

నల్లేరు పచ్చడి, కాల్షియం టానిక్కు పెట్టాలా?

నల్లేరు పచ్చడి ఇంట్లో అలవాటుంటే తినండి, సరిగా వేయించకపోతే గొంతు దురద పెడుతుంది. ఈ ఎముక అతకడానికి టానిక్కు అవసరం లేదు. రోజూ తినే అన్నం, పప్పు, రాగి జావ, గుడ్డు చాలు. పథ్యం పేరుతో పిల్లవాడికి తిండి తగ్గించడం మాత్రం తప్పు.

చేయి వంకర పోతుందా? పొడవు పెరగడం ఆగుతుందా?

రెండూ జరగవు. దెబ్బ తగిలింది ఎదుగుదల పొరకు పైన, పొరలో కాదు. కట్టు తీశాక అక్కడ చిన్న గట్టి ఉబ్బు చేతికి తగలవచ్చు. ఎముక పెరిగే కొద్దీ కొన్ని నెలల్లో అది కరిగిపోతుంది.

పడకుండానే మణికట్టు వాచి నొప్పి పెడితే?

అది ఈ పేజీలో చెప్పిన జబ్బు కాదు. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ జబ్బున్న పిల్లలు ఉన్నారు. వాళ్లకు రక్తనాళం మూసుకుపోయి ఎముకలో తీవ్రమైన నొప్పి, వాపు వస్తాయి. ఒక్కోసారి ఎముకలో చీము కూడా పడుతుంది, జ్వరం ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉందని తెలిస్తే ఎక్స్‌రే గదిలోకి వెళ్లేముందే డాక్టరుకు చెప్పండి. అలాగే ఇంకా నడవని పసిబిడ్డకు ఎముక దెబ్బ తిన్నా, మంచం మీంచి దిగడం లాంటి చిన్న కారణానికే పదేపదే ఎముకలు విరుగుతున్నా, కట్టు వేయించుకుని ఇంటికి వెళ్లిపోకుండా పిల్లల డాక్టరుకు కూడా చూపించాలి.